పసిబిడ్డకు పసిరికలు: ఎన్ని గంటలకు కనిపించాయన్నదే అసలు ప్రశ్న (అపోహలు – వాస్తవాలు)

వరంగల్‌లో నవజాత శిశువుల వార్డులో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నీలం లైట్ల కింద బిడ్డను పడుకోబెట్టిన ప్రతిసారీ ఒక అమ్మమ్మో నాయనమ్మో తలుపు దగ్గర నిలబడి ఇదే మాట అంటుంది: "సిస్టరమ్మా, పసిరికలు అందరు పిల్లలకు వస్తయి. మా పిల్లలను పొద్దుగాల ఎండల పండవెడితె పోయినయి. గీ లైట్లెందుకు?"

పసిరికలంటే కామెర్లే. ఆమె మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మి ఇంట్లో కూర్చుంటే బిడ్డకు ప్రమాదం.

అపోహ: పుట్టిన పిల్లలందరికీ కామెర్లు వస్తాయి, వాటంతటవే పోతాయి

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి మొదటి వారంలో చర్మం పచ్చబడుతుంది. నెలలు నిండక ముందే పుట్టినవాళ్లలో ఇంకా ఎక్కువ మందికి. ఇది పెద్దవాళ్ల కామెర్ల లాంటి జబ్బు కాదు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉంటాయి, వాటి ఆయుష్షు తక్కువ. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. కడుపులో ఉన్నంతకాలం దాన్ని మాయ ద్వారా తల్లి శరీరం తీసేసుకుంటుంది. బొడ్డు కోసిన క్షణం నుంచి ఆ పని బిడ్డ కాలేయం మీద పడుతుంది. అది ఇంకా పని నేర్చుకుంటున్న కాలేయం. అందుకే రెండో రోజో మూడో రోజో పచ్చదనం మొదలై, మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా కనిపించి, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. మామూలు కామెర్ల నడక ఇది.

తేడా ఎక్కడో చెప్పడానికి ఇద్దరు బిడ్డల లెక్క చెబుతాను. ఇద్దరికీ బిలిరుబిన్ 12 వచ్చింది, అంటే డెసిలీటరు రక్తంలో 12 మిల్లీగ్రాములు.

మొదటి బిడ్డ సాయంత్రం 4 గంటలకు పుట్టాడు. మర్నాడు మధ్యాహ్నం 2 గంటలకు స్నానం చేయించబోతూ తల్లి "ముఖం పచ్చగ అనిపిస్తుంది సిస్టర్" అంది. అప్పటికి 22 గంటలు. రక్తం తీస్తే 12. రెండో బిడ్డ ఐదో రోజున ఓపీకి వచ్చింది, ఆమెకూ 12. మొదటి బిడ్డను పది నిమిషాల్లో లైటు కింద పెట్టాం. రెండో బిడ్డను ఇంటికి పంపించేశాం. రెండో బిడ్డ తండ్రికి కోపం వచ్చింది. "అదే నంబరు గదా, మా పాపను ఎందుకు చూడరు?" అన్నాడు.

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. పుట్టినప్పుడు బిడ్డ రక్తంలో బిలిరుబిన్ సుమారు 2 ఉంటుంది. మొదటి బిడ్డకు 22 గంటల్లో 2 నుంచి 12కు వచ్చిందంటే గంటకు దాదాపు అర మిల్లీగ్రాము చొప్పున పెరుగుతోంది. అదే వేగంతో పోతే మర్నాడు పొద్దున 8 గంటలకు 20 అవుతుంది. రక్తం మార్చాలా అని డాక్టర్లు ఆలోచించాల్సిన స్థితి అది. రెండో పాపకు అదే 12 ఐదో రోజున కనిపించింది. అప్పటికే కొండ ఎక్కి దిగుతున్న అంకె అది.

మా వార్డులో గోడకు ఒక చార్టు ఉంటుంది. అడ్డంగా వయసు గంటల్లో, నిలువుగా బిలిరుబిన్. నెలలు నిండి, వేరే ఇబ్బందులు లేని బిడ్డకు లైటు పెట్టాల్సిన గీత ఉజ్జాయింపుగా 24 గంటలకు 12 దగ్గర, 48 గంటలకు 15 దగ్గర, 96 గంటలకు 20 దగ్గర ఉంటుంది. నెలలు తక్కువైతే, తల్లీబిడ్డల రక్తం గ్రూపులు పడకపోతే ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి "ఎంత ఉంది?" అని అడిగినప్పుడు "ఎన్ని గంటలకు?" అని కూడా అడగాలి. మొదటి 24 గంటల్లో కంటికి కనిపించే పచ్చదనం ఏదైనా సరే, మామూలుది అనుకోకూడదు.

మొదటి బిడ్డకు కారణం తర్వాత తెలిసింది. తల్లిది ఓ పాజిటివ్, బిడ్డది బీ పాజిటివ్. ఓ గ్రూపు తల్లి రక్తంలోని యాంటీబాడీలు కొన్నిసార్లు బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే ఇదే ఇంకా తీవ్రంగా జరగవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లోనూ కణాలు విరుగుతాయి. వాళ్ల బట్టల మధ్య డాంబర్ గోలీలు వేసి ఉంచితే ఆ వాసనే కణాల్ని విరగ్గొట్టగలదు. బారసాలకని పాత బీరువాలోంచి తీసిన బట్టల్ని ఉతికి ఎండేసి తొడగమని నేను ప్రతి తల్లికీ చెబుతాను.

ఇంట్లో ఎలా చూడాలి? పగటి వెలుతురులో, కిటికీ దగ్గర. పసుపు బల్బు కింద చూస్తే ఏమీ తెలియదు. నుదుటి మీద, ఛాతీ మీద, అరికాలి మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. రక్తం పక్కకు జరిగిన ఆ క్షణంలో అసలు రంగు కనిపిస్తుంది. పచ్చదనం ముఖంలో మొదలై కిందికి దిగుతుంది. అరికాళ్లు, అరచేతులు పచ్చబడితే అదే రోజు ఆసుపత్రికి రావాలి. అరికాళ్లు పచ్చబడలేదని నిశ్చింతగా ఉండటం మాత్రం తప్పు. చామనఛాయ పిల్లల్లో అనుభవం ఉన్న మా కళ్లు కూడా మోసపోతాయి, అందుకే రక్తపరీక్ష చేస్తాం. బిడ్డ పాలు తాగకుండా నిద్రపోతున్నా, లేపినా లేవకపోయినా, సన్నగా కీచుమని ఏడుస్తున్నా, ఒళ్లు విల్లులా వెనక్కి వంచుతున్నా రాత్రి అనకుండా బయలుదేరండి. బిలిరుబిన్ మెదడుకు చేరుతోందనడానికి అవి గుర్తులు. అక్కడ ఒకసారి దెబ్బ తగిలితే వినికిడి పోవచ్చు, చేతులూ కాళ్లూ స్వాధీనంలో లేకుండా పోవచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నార్మల్ డెలివరీ అయితే రెండో రోజే ఇంటికి పంపిస్తారు. పచ్చదనం బాగా పెరిగేది ఆ తర్వాతే. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వస్తుంది. అప్పుడు బిడ్డను గుడ్డల్లోంచి తీసి వెలుతురులో చూపించండి. "నిద్రపోతుండు, తర్వాత రా" అని పంపకండి.

అపోహ: ఎండలో పడుకోబెడితే లైటు అక్కర్లేదు

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లల్ని ఎండకు తీసుకెళ్లేది. ఒక బిడ్డకు ఒళ్లంతా పచ్చదనం తగ్గి, దుప్పటి కప్పి ఉన్న చోట మాత్రం పచ్చగా మిగిలిపోవడం ఆమె గమనించి డాక్టర్లకు చూపించింది. అక్కడి డాక్టర్ క్రెమర్, ఆయన తోటివాళ్లు దీపాలతో ప్రయత్నించి 1958లో ఫలితాలు ప్రచురించారు. ఒక నర్సు కంటి చూపుతో మొదలైన చికిత్స ఇది, నాకు చాలా ఇష్టమైన కథ.

అంటే ఎండ పనిచేస్తుందన్న మాట నిజమే కదా? ఎండలోని నీలం వెలుగు పనిచేస్తుంది. దాంతో పాటు చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు, ఒంటిని వేడెక్కించే కిరణాలు కూడా ఉంటాయి. మన ఓరుగల్లు ఏప్రిల్ ఎండలో ఆ లేత ఒళ్లు ఎంతసేపు తట్టుకుంటుంది? జనవరి పొద్దున బట్టలిప్పి పెడితే చల్లబడిపోతుంది. ఏడింటి లేత ఎండలో, సగం బట్టలతో పదిహేను నిమిషాలు ఉంచితే అందే మోతాదు చాలా తక్కువ. వార్డులో మేము గంటల తరబడి, రాత్రి కూడా ఆపకుండా వెలుగు ఇస్తాం. "ఎండకు పెడుతున్నాం గదా" అన్న ధైర్యంతో పోయే రెండు రోజులే ఎండ చేసే పెద్ద నష్టం.

అపోహ: లైట్ల పెట్టెలో పెడితే ఒళ్లు కాలుతుంది, కళ్లు పోతాయి

ఆ నీలం లైట్లలో అతినీలలోహిత కిరణాల్ని వాడరు. వెలుగు 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య ఉంటుంది, బిలిరుబిన్ బాగా పీల్చుకునే రంగు అదే. బిలిరుబిన్ అణువు తనలో తానే ముడుచుకుని ఉంటుంది కాబట్టి నీళ్లలో కరగదు. కాలేయం దానికి ఇంకో పదార్థం అతికించి కరిగేలా చేయాలి. చర్మం కిందికి వెళ్లిన నీలం వెలుగు తగలగానే అణువు ఆకారం మారి, నీళ్లలో కరిగే రూపం వస్తుంది. అది కాలేయం సాయం కోసం ఆగకుండా పైత్యరసంలోకి, మూత్రంలోకి వెళ్లిపోతుంది. లైటు కింద ఉన్న పిల్లలు పల్చగా, ఆకుపచ్చగా విరేచనం చేస్తారు. తల్లులు భయపడతారు కానీ, బయటికి పోవాల్సింది పోతోందన్నమాట.

వెలుగు తగిలిన చర్మంలోనే ఈ మార్పు జరుగుతుంది. కాబట్టి బిడ్డకు డైపరు, కళ్లకు గంతలు తప్ప ఏమీ ఉండకూడదు. గంతలు బలమైన వెలుగు నుంచి కళ్లను కాపాడటానికే. మేము అటు తిరగగానే "సలి పెడుతది" అని నాయనమ్మ టోపీ, సాక్సులు తొడిగి పైన టవల్ కప్పేస్తుంది. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ కప్పిన చోట మందు ఆగిపోయినట్టే. చలి సంగతి మేము థర్మామీటరుతో చూసుకుంటూనే ఉంటాం.

తల్లిపాలు ఆపకూడదు. రెండు మూడు గంటలకోసారి బయటికి తీసి పాలిచ్చి మళ్లీ పెట్టాలి. పేగుల్లోకి చేరిన బిలిరుబిన్ విరేచనంలో పోకపోతే మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది. పాలు తాగితేనే విరేచనం అవుతుంది. చక్కెర నీళ్లు, గ్లూకోజు నీళ్లు పోస్తే కడుపు నిండి పాలు తాగరు, పచ్చదనం పెరుగుతుంది.

ఆ మొదటి బిడ్డ సంగతి: లైటు పెట్టిన ఆరు గంటలకు 12.6. పరుగు ఆగిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు పొద్దున 12.4, మూడో రోజు పొద్దున 9.8. ఆపేశాం. "ఒళ్లు తెల్లగైంది, ఇక పోతం" అన్నాడు తండ్రి. లైటు కింద ఉన్న చర్మం రంగు చూసి ఏమీ చెప్పలేం, పైపైన తెల్లబడి రక్తంలో ఎక్కువే ఉండొచ్చు. ఆపాక మళ్లీ కొంచెం పెరుగుతుంది కూడా, అందుకే పన్నెండు గంటలు ఆగి మళ్లీ చూశాం. 10.7. అప్పుడు పంపించాం.

అపోహ: తల్లి పత్యం ఉండాలి, బిడ్డకు పసరు పోయించాలి

తల్లి పసుపు తిన్నా, పప్పు తిన్నా బిడ్డకు కామెర్లు రావు. బాలింతను కారం మెతుకుల మీద ఉంచితే ఆమెకే నీరసం. నోట్లో పసరు పోయడం, చురకలు పెట్టడం అయితే దయచేసి వద్దు. మామూలు కామెర్లు ఎలాగూ రెండు వారాల్లోపు తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. మామూలువి కాకపోతే పోయేది బిడ్డ.

అపోహ: నెల దాటినా పచ్చగానే ఉందంటే తల్లిపాల కామెర్లే

చాలాసార్లు అదే. బిడ్డ చురుగ్గా ఉంటుంది, బరువు పెరుగుతుంది, పాలు మాన్పించాల్సిన పనిలేదు. కానీ రెండు వారాలు దాటిన పచ్చదనానికి ఒక్కసారైనా డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం అప్పటికే కరిగేలా మార్చిన బిలిరుబిన్, ఎంతుందో పరీక్ష చేయించాలి. కాలేయం నుంచి పైత్యరసం వచ్చే గొట్టాలు మూసుకుపోయిన పిల్లల్లో ఇదే పెరుగుతుంది. దానికి లైటు పనిచేయదు, ఆపరేషన్ కావాలి. అది బిడ్డ పుట్టిన అరవై రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగు. ఇంట్లోనే తెలిసే గుర్తులు రెండు: మూత్రం గుడ్డకు పచ్చటి మరక అంటడం, విరేచనం సున్నంలా తెల్లగా రావడం. పసిబిడ్డ మూత్రం నీళ్లలా ఉండాలి, విరేచనం ఆవపిండి రంగులో ఉండాలి. రంగు పాలిపోయినట్టు అనిపిస్తే ఆ గుడ్డనే సంచిలో పెట్టి తెండి. కుదరకపోతే పగటి వెలుతురులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుని రండి.