ఎవరి చీటీ వచ్చింది? చర్న్ లెక్కల్లో హజార్డ్ రేషియో

సబ్‌స్క్రిప్షన్ వ్యాపారంలో చర్న్, అంటే కస్టమర్లు వదిలి వెళ్ళిపోవడం, మీద డేటా చూసే పాఠకురాలు ఒకరు ఇలా రాశారు: "చేరేటప్పుడు డిస్కౌంట్ తీసుకున్నవాళ్ళకి కాక్స్ మోడల్‌లో హజార్డ్ రేషియో 1.27 వచ్చిందండీ. p విలువ 0.02. అంటే వాళ్ళలో 27 శాతం ఎక్కువమంది వెళ్ళిపోతారనేగా? మా మేనేజర్ డిస్కౌంట్లు ఆపేద్దామంటున్నారు."

ఈ ప్రశ్నలో ఒక చిన్న పొరపాటు ఉంది. దాని వెనక పెద్దది ఇంకోటి ఉండే అవకాశం ఉంది. ముందు చిన్నది చూద్దాం.

హజార్డ్‌కి మన భాషలో దగ్గరి మాట గండం. "ఈ గండం గడిస్తే చాలు" అంటాం కదా, అదే అర్థం. ఇప్పటిదాకా మనతో ఉన్న కస్టమర్ ఈ నెలలో వెళ్ళిపోయే రేటు ఎంత అన్నదే హజార్డ్. జాతకం రాసేవాళ్ళు పుట్టినరోజునే గండాలన్నీ వరసగా రాసిచ్చేస్తారు. హజార్డ్ అలా కాదు, ప్రతి నెలా మిగిలినవాళ్ళని మళ్ళీ లెక్కపెట్టుకున్నాకే నోరు విప్పుతుంది. హజార్డ్ రేషియో అంటే రెండు గుంపుల గండాల నిష్పత్తి. మొత్తం మీద వెళ్ళిపోయినవాళ్ళ నిష్పత్తి కాదు.

తేడా ఎంతో చూడండి. డిస్కౌంట్ లేనివాళ్ళలో ఏడాది తర్వాత 70 శాతం మిగిలారనుకుందాం. రేషియో 1.27 అయితే, డిస్కౌంట్ వాళ్ళలో మిగిలేది 0.70ని 1.27 ఘాతానికి ఎత్తితే వచ్చేది, అంటే సుమారు 0.64. వెళ్ళినవాళ్ళు 30 నుంచి 36 శాతానికి పెరిగారు. ఈ పెరుగుదల 27 శాతం కాదు, 21 శాతం. అదే ఏడాదికి 30 శాతమే మిగిలే వ్యాపారమైతే, వెళ్ళినవాళ్ళు 70 నుంచి 78కి పెరుగుతారు, అంటే 12 శాతమే. రేషియో మాత్రం రెండు చోట్లా అదే 1.27. ఒక మనిషి ఒక్కసారే వెళ్ళగలడు కాబట్టి, గండం ఎక్కువైన గుంపు త్వరగా ఖాళీ అవుతుంది, ఆ తర్వాత వెళ్ళడానికి జనం మిగలరు.

ఇక పెద్ద పొరపాటు సంగతి. దానికి ఈ మోడల్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

డేవిడ్ కాక్స్ 1972లో ఈ పద్ధతి ప్రచురించాడు. దాన్ని లక్కీ డ్రా అనుకోండి. ఒక కస్టమర్ వెళ్ళిపోయిన ప్రతిసారీ ఆ క్షణానికి ఇంకా మనతో ఉన్నవాళ్ళందరి చీట్లూ ఒక కుండలో వేస్తాం. డిస్కౌంట్ లేనివాళ్ళకి తలా ఒక చీటీ. డిస్కౌంట్ వాళ్ళకి తలా θ చీట్లు. ఆ θ మనకి తెలియదు, అదే హజార్డ్ రేషియో. కుండలో 40 మంది డిస్కౌంట్ వాళ్ళు, 60 మంది మామూలువాళ్ళు ఉన్నారనుకుందాం. θ 1 అయితే డిస్కౌంట్ మనిషి చీటీ వచ్చే అవకాశం 0.40. θ 2 అయితే 140 చీట్లలో 80, అంటే 0.57. θ అర అయితే 80లో 20, అంటే 0.25. నిజంగా ఎవరి చీటీ వచ్చిందో మనకి తెలుసు. అన్ని డ్రాల ఫలితాలకీ బాగా సరిపోయే θని వెతకడమే మోడల్ చేసే పని.

ఇందులో ఒక గడుసుతనం ఉంది. డ్రా ఎప్పుడు తీశారన్నది మోడల్ అడగదు. పండగ నెలలో అందరికీ గండం పెరిగినా, ఇంకో నెలలో తగ్గినా అది రెండు గుంపులకీ సమానంగా ఉన్నంతకాలం భాగహారంలో కొట్టుకుపోతుంది. ఇంకా వెళ్ళనివాళ్ళని, నిన్నగాక మొన్న చేరినవాళ్ళని ఏం చెయ్యాలన్న టెన్షన్ కూడా లేదు. మనకి కనిపించినన్నాళ్ళు కుండలో ఉంటారు, ఆ తర్వాత వాళ్ళ చీటీ తీసేస్తాం. (తారీఖులు నెలల్లోనే ఉంటే ఒకే నెలలో పదుల మంది వెళ్ళినట్టు కనబడుతుంది. దానికి ఎఫ్రాన్ సర్దుబాటు ఉంది, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అదే డిఫాల్ట్. రోజుల లెక్క దొరికితే ఇంకా మంచిది.)

కానీ ఈ ఆటకి ఒక నియమం ఉంది. తలా θ చీట్లు అని మొదటి డ్రాకి అనుకుంటే చివరి డ్రా దాకా అదే θ ఉండాలి. ప్రపోర్షనల్ అన్న మాటకి అర్థం ఇంతే. డిస్కౌంట్ మూడు నెలలకే అయిపోయేదైతే ఈ నియమం నిలుస్తుందా?

అంకెలు వేసి చూద్దాం. లెక్క కోసం ఇవి నేను ఊహించుకున్నవి. వెయ్యిమంది కస్టమర్లు, అందులో 400 మందికి మూడు నెలల డిస్కౌంట్. మొదటి మూడు నెలలు డిస్కౌంట్ వాళ్ళు నెలకి 3 శాతం చొప్పున, మిగతావాళ్ళు 6 శాతం చొప్పున వెళ్తారు. అసలు రేషియో 0.5. నాలుగో నెలలో పూర్తి బిల్లు వస్తుంది. అక్కణ్ణుంచి డిస్కౌంట్ వాళ్ళు 8 శాతం, మిగతావాళ్ళు 4 శాతం. అసలు రేషియో 2.

మొదటి మూడు నెలల్లో వెళ్ళినవాళ్ళు 137 మంది, వాళ్ళలో డిస్కౌంట్ వాళ్ళు 35. తర్వాతి ఆరు నెలల్లో వెళ్ళినవాళ్ళు 252 మంది, వాళ్ళలో డిస్కౌంట్ వాళ్ళు 144. ఈ తొమ్మిది నెలలకీ కలిపి ఒకే θ కావాలంటే మోడల్ ఇచ్చేది సుమారు 1.27. విశ్వాస అంతరం 1.04 నుంచి 1.55, p విలువ 0.02 చుట్టుపక్కల. పైకి ఏ లోపమూ కనబడదు. కానీ ఆ 1.27 ఏ ఒక్క నెలలోనూ నిజం కాదు! ఇంకో విడ్డూరం, ఇదే డేటాని నాలుగో నెల ఆఖర్న ఆపి మోడల్ వేస్తే రేషియో 0.75 దగ్గర వస్తుంది. "డిస్కౌంట్ కస్టమర్లని నిలబెడుతోంది" అని అప్పుడు రిపోర్టు రాసేవాళ్ళం. కస్టమర్లు వాళ్ళే, ప్రవర్తన అదే, మనం చూడటం ఎప్పుడు ఆపామన్నదే మారింది.

దీన్ని పట్టుకోవడానికి మళ్ళీ కుండ దగ్గరికే వెళ్ళాలి. ప్రతి డ్రాలోనూ మోడల్‌కి ఒక అంచనా ఉంటుంది. θ 1.27 అయితే మొదటి మూడు నెలల్లో డిస్కౌంట్ చీటీ వచ్చే అవకాశం సగటున 0.466. వచ్చింది డిస్కౌంట్ మనిషి చీటీ అయితే 1, కాకపోతే 0 వేసుకుని, అందులోంచి ఆ అంచనాని తీసేయండి. ఆ మిగిలే శేషమే షోన్‌ఫెల్డ్ రెసిడ్యువల్ (1982). మన లెక్కలో మొదటి 137 డ్రాల్లో డిస్కౌంట్ చీటీ నిజంగా వచ్చింది 35 సార్లు, అంటే 0.255. సగటు శేషం మైనస్ 0.21. తర్వాతి 252 డ్రాల్లో అంచనా 0.457, వచ్చింది 0.571. శేషం ప్లస్ 0.11.

ఈ శేషాలన్నీ కూడితే సున్నా వస్తుంది. వచ్చి తీరాలి, ఎందుకంటే వాటి మొత్తాన్ని సున్నా చేసే θనే మోడల్ ఎంచుకుంది. అందుకే మొత్తం చూస్తే ఏమీ తెలియదు, కాలం వెంట వరస చూడాలి. మోడల్ నియమం నిజమైతే ప్లస్‌లూ మైనస్‌లూ అన్ని నెలల్లో కలగాపులగంగా పడతాయి. ఇక్కడ ముందు సగటు మైనస్, వెనక సగటు ప్లస్. గ్రాంబ్ష్, థెర్నో 1994లో ఈ శేషాలని తగిన కొలతకి పెంచి, మోడల్ గుణకానికి, అంటే θ లాగరిథమ్‌కి, కలిపితే ఆయా కాలాల అసలు గుణకం సుమారుగా బయటపడుతుందని చూపారు. మన లెక్కలో అలా చేసి మళ్ళీ రేషియోలోకి మారిస్తే మొదటి దశకి 0.55, రెండో దశకి 2.0 వస్తాయి. తప్పు మోడల్ శేషాల్లోంచే నిజం తొంగిచూస్తోంది! క్లాసులో దీన్ని ఆర్‌లోని `cox.zph` ఫంక్షన్ ఇచ్చే p విలువగా చెప్పి వదిలేస్తారు, అదే నా బాధ.

```r
library(survival)
m1 <- coxph(Surv(months, churned) ~ discount, data = d)
z <- cox.zph(m1)
print(z)
plot(z)

d2 <- survSplit(Surv(months, churned) ~ ., data = d,
                cut = 3, episode = "stage")
m2 <- coxph(Surv(tstart, months, churned) ~
              discount:strata(stage), data = d2)
```

ఆ p విలువ ఒక్కటే చూస్తే ఎందుకు చాలదంటే, లక్షల కస్టమర్లున్న చోట రేషియో 1.30 నుంచి 1.25కి జారినా పరీక్ష గగ్గోలు పెడుతుంది. వందమందే వెళ్ళిన చోట 0.5 నుంచి 2కి మారినా ఒక్కోసారి కిక్కురుమనదు. గీతే చూడాలి. అది కాస్త వంగిందా, లేక సున్నా గీతని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాటిందా? గుణకం సున్నా అంటే రేషియో 1. కాస్త వంగితే ఒకే సంఖ్యని సగటుగా ఒప్పుకోవచ్చు, ఇటు నుంచి అటు దాటితే ఒప్పుకోకూడదు.

పై కోడ్‌లో రెండో సగం కాలాన్ని మూడో నెల దగ్గర కోసి, ఒక్కో దశకి ఒక్కో రేషియో అడుగుతుంది. ఆ మూడు అన్న అంకె గీతని చూసి ఏరుకున్నది కాదు, డిస్కౌంట్ ముగిసే తేదీ నుంచి వచ్చింది. గీత ఎక్కడ వంగితే అక్కడ కోస్తూ పోతే ఏ డేటాలోనైనా ఏదో ఒక కథ దొరుకుతుంది.

అయితే రెండో దశ రేషియో 2ని కూడా జాగ్రత్తగా చదవాలి. నాలుగో నెలలో కుండలో ఉన్నది మొదట చేరిన వెయ్యిమంది కాదు. డిస్కౌంట్ లేనివాళ్ళలో అంతగా ఇష్టం లేనివాళ్ళు 102 మంది అప్పటికే వెళ్ళిపోయారు. డిస్కౌంట్ గుంపులో అలాంటివాళ్ళని తక్కువ ధర పట్టి ఉంచింది, వాళ్ళు ఇంకా కుండలోనే ఉన్నారు. కాబట్టి ఆ 2లో ఎంత భాగం బిల్లు పెరిగిన చిరాకు, ఎంత భాగం ఆలస్యంగా బయటపడ్డ పాత అయిష్టం అన్నది రేషియో చెప్పలేదు. డిస్కౌంట్‌ని చీటీ వేసి పంచినా ఈ ఇబ్బంది పోదు, ఎందుకంటే పంచింది మొదటి రోజు, పోలుస్తున్నది మిగిలినవాళ్ళని.

అందుకని మేనేజర్ గారికి రేషియోతో పాటు ఎంతమంది మిగిలారన్న గీతలు కూడా చూపించమని ఆవిడకి జవాబు రాశాను. మన లెక్కలో మూడో నెల ఆఖరికి డిస్కౌంట్ వాళ్ళలో 91 శాతం, మిగతావాళ్ళలో 83 శాతం ఉన్నారు. గండాలు నాలుగో నెలలోనే తారుమారైనా, ఐదో నెల ముగిసేదాకా డిస్కౌంట్ గుంపే ముందుంది. మిగిలినవాళ్ళ గీతలు దాటుకునేది ఆరో నెలలో. తొమ్మిదో నెలకి 55, 65. ఆవిడ తన డేటా మీద `plot(z)` వేసి చూస్తానన్నారు, ఇంకా ఉత్తరం రాలేదు.