మోడల్‌కు తెలుగు రాదా, మనం తీసుకున్న వెక్టరే తప్పా?

రైతుల ప్రశ్నలను పోగుచేసి, కొత్త ప్రశ్న రాగానే దానికి దగ్గరి పాత ప్రశ్నను, దాని జవాబును వెతికిచ్చే పని ఒకటి హనుమకొండలో కొందరు కుర్రాళ్లు నడుపుతున్నారు. మొన్న కరెంటు పోయి సర్వర్ ఆగింది. తిరిగి ఆన్ చేశాక మిర్చి ఆకుముడత గురించి అడిగితే పత్తి విత్తనాల జవాబు రావడం మొదలైంది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఈ మోడళ్లకు మన తెలంగాణ మాట ఎక్కదు, తీసేసి మామూలు పదాల వెతుకులాటకే పోదాం అంటోంది ఒక పక్షం. మోడల్‌ది తప్పు కాదు, దాని నుంచి వాక్యం వెక్టర్‌ను, అంటే వాక్యం అర్థాన్ని చెప్పే అంకెల వరుసను, తీసిన చోటే తప్పు అంటోంది ఇంకో పక్షం.

గూగుల్ భాషా మోడల్ బెర్ట్ ఎలా పుట్టిందో, ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏమిటో ఇప్పటికే చాలామంది రాశారు. నా లెక్కలో ఈ గొడవకు అసలు మూలం 2019 జూలైలో ఉంది. ఆ నెలలో ఫేస్‌బుక్, వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రాబర్టా మోడల్‌ను బయటపెట్టారు. బెర్ట్ నేర్చుకునే రెండు పాఠాల్లో ఒకదాన్ని అందులో తీసేశారు. పాఠం పోయింది కానీ, ఆ పాఠం కోసం కట్టిన గది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ రెండు పాఠాలేమిటో చూడాలంటే ఒక్క అడుగు వెనక్కి వెళ్లాలి. 2018 అక్టోబర్‌లో వచ్చిన బెర్ట్‌కు మొదటి పాఠం మాస్క్ చేసిన పదాన్ని ఊహించడం. "మిర్చి తోటకు తామర [MASK] పట్టింది" అని ఇస్తే, ఖాళీకి రెండు వైపులా ఉన్న మాటలను చూసి "పురుగు" అని చెప్పాలి. వాక్యంలోని టోకెన్లలో, అంటే మోడల్ చదివే పదాల ముక్కల్లో, 15 శాతాన్ని ఇలా పరీక్షకు ఎంచుకుంటారు. 40 టోకెన్ల వాక్యమైతే 6 అన్నమాట. ఎంచుకున్నవాటిలో 80 శాతం చోట్ల మాస్క్ పెడతారు, 10 శాతం చోట్ల వేరే టోకెన్‌ను దూర్చుతారు, మిగిలిన 10 శాతాన్ని ఉన్నదున్నట్టే వదిలేస్తారు. అసలు పనిలో మాస్క్ గుర్తు ఎక్కడా కనబడదు కాబట్టి, దాని మీదే ఆధారపడే అలవాటు పడకుండా ఈ ఏర్పాటు. మనకు కావలసిన విషయం ఏమిటంటే, ఈ పాఠంలో మార్కులు పడేది ఆ ఎంచుకున్న చోట్లకే. ఆ చోట ఉన్న వెక్టర్ అక్కడి పదాన్ని చెప్పగలిగితే చాలు. మొత్తం వాక్యానికి ఒక వెక్టర్ ఉండాలని గానీ, ఒకే అర్థం ఉన్న రెండు వాక్యాల వెక్టర్లు దగ్గరగా ఉండాలని గానీ ఈ పాఠం ఎక్కడా అడగదు.

వాక్యం స్థాయి పాఠం రెండోది. రెండు వాక్యాలిచ్చి, రెండోది మొదటిదాని తర్వాత నిజంగా వచ్చేదేనా, ఎక్కడినుంచో తెచ్చి పెట్టిందా అని అడుగుతారు. ఆ జవాబు మొదట్లో పెట్టే `[CLS]` గుర్తు వెక్టర్ నుంచి వస్తుంది. దాని మీద పూలర్ అనే చిన్న పొర ఉంటుంది, నేను గది అన్నది దీన్నే. బెర్ట్ బేస్ సైజులో అది 768 అంకెలు లోపలికి తీసుకుని 768 బయటికి ఇస్తుంది. దానికి శిక్షణ ఇచ్చింది ఈ రెండో పాఠమే. అయినా బెర్ట్ పేపర్‌లోనే, ఫైన్‌ట్యూనింగ్, అంటే పనికి తగ్గట్టు మళ్లీ శిక్షణ, చేయకుండా ఈ వెక్టర్ వాక్యానికి అర్థవంతమైన రూపం కాదని ఒక ఫుట్‌నోట్ ఉంది. ఫుట్‌నోట్లు ఎవరు చదువుతారు!

రాబర్టా వాళ్లు రెండో పాఠం లేకుండా నేర్పి చూస్తే ఫలితాలు తగ్గలేదు, కొన్నిచోట్ల కాస్త మెరుగయ్యాయి కూడా. అందుకే దాన్ని పక్కనబెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో తెలుగుతో కలిపి 100 భాషలకు వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎం-రాబర్టా కూడా అదే దారిలో, మాస్క్ పాఠంతోనే నేర్చుకుంది. అంటే పూలర్‌కు పాఠం చెప్పేవాళ్లే లేకుండా పోయారు. కానీ అందరూ వాడే ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీలో ఈ మోడళ్లను తెరిస్తే `pooler_output` అనే పేరు యథాతథంగా కనబడుతుంది. పేరు చూస్తే వాక్యం మొత్తాన్ని కూడగట్టి ఇచ్చిందేమో అనిపిస్తుంది. హనుమకొండలో జరిగిందీ అదే.

వాళ్లు చేసిన పని మొదట సరైనదే. ఎక్స్‌ఎల్‌ఎం-రాబర్టా వచ్చేనాటికి మన మిర్చి తోటలను నల్ల తామర పురుగు ఇంకా ముంచలేదు, ఆ దెబ్బ 2021లో తగిలింది. అందుకే రైతుల ప్రశ్నలు, జవాబులు ఇచ్చి అదే మాస్క్ పాఠాన్ని ఇంకొంత కాలం కొనసాగించారు. లాస్, అంటే తప్పుల లెక్క, దిగింది, మాస్క్ పెట్టిన చోట మోడల్ మంచి మాటలే చెప్పింది. చిక్కు దాని తర్వాత వచ్చింది. మాస్క్ పాఠం కోసం సేవ్ చేసే మోడల్‌లో పూలర్ పొర ఉండనే ఉండదు. ఆ ఫైల్‌నే వెక్టర్ల కోసం `AutoModel`తో తెరిస్తే, లేని పొర స్థానంలో లైబ్రరీ యాదృచ్ఛిక అంకెలు నింపి, తెరమీద ఒక హెచ్చరిక వేస్తుంది. అందులో చూడాల్సిన ముక్కలు ఇవి:

```
newly initialized: ['pooler.dense.bias', 'pooler.dense.weight']
```

ఇలాంటి హెచ్చరికలు రోజూ పది కనబడతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అందులో తప్పు పట్టడానికి కూడా లేదు, ఎందుకంటే మొదట్లో వెతుకులాట ఎంతో కొంత పనిచేసింది. యాదృచ్ఛిక అంకెల పొర గుండా పంపినా, లోపలికి వెళ్లేటప్పుడు దగ్గరగా ఉన్న వెక్టర్లు బయటికి వచ్చాక కూడా దాదాపు దగ్గరగానే ఉంటాయి. స్కోర్లన్నీ 1కి అంటుకుని ఉన్నా వరుసక్రమం అంత ఘోరంగా చెడదు. సర్వర్ ఆగి మళ్లీ లేచినప్పుడు ఆ పొరలో కొత్త అంకెలు పడ్డాయి. దాచిపెట్టిన పాత ప్రశ్నల వెక్టర్లు ఒక పొర గుండా వచ్చినవి, కొత్త ప్రశ్న వెక్టర్ మరో పొర గుండా వచ్చింది. వాటి మధ్య కొసైన్, అంటే దగ్గరితనం స్కోరు, సున్నా చుట్టూ తిరుగుతుంది, ఏది పైకి వస్తుందో లాటరీయే. మోడల్‌కు తెలుగు రాకపోవడమే కారణమైతే కరెంటు పోకముందు కూడా రాకూడదు కదా అని రెండో పక్షం అడిగే ప్రశ్నకు ఇంతవరకు జవాబు లేదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకే వాక్యానికి వెక్టర్ తీసి దాచుకుని, ప్రోగ్రామ్ మూసి, మళ్లీ తెరిచి అదే వాక్యానికి ఇంకోసారి తీయాలి. రెండూ ఒకటే కావాలి. కాకపోతే ఎక్కడో శిక్షణ లేని పొర ఉన్నట్టు, లేదా మోడల్‌ను `eval()` చేయకుండా, శిక్షణప్పుడు కొన్ని అంకెలను యాదృచ్ఛికంగా ఆపేసే డ్రాపౌట్‌తో నడిపిస్తున్నట్టు.

సరైన పద్ధతి పూలర్‌ను వదిలేసి, చివరి పొరలోని టోకెన్ వెక్టర్లన్నిటి సగటు తీసుకోవడం. అందులోనూ ఒక గుంట ఉంది. వాక్యాలను బ్యాచ్‌గా పంపినప్పుడు చిన్నవాటిని పొడవైనదానితో సమానం చేయడానికి ప్యాడింగ్ నింపుతారు. 8 టోకెన్ల ప్రశ్న 40 టోకెన్ల ప్రశ్న పక్కన పడితే, ఏది అసలు టోకెనో చెప్పే అటెన్షన్ మాస్క్‌ను చూడకుండా తీసిన సగటులో 40కి 32 పాళ్లు ప్యాడింగే. అందుకని ప్యాడింగ్‌ను సున్నా చేసి, అసలు టోకెన్ల సంఖ్యతోనే భాగించాలి:

```python
m = attention_mask.unsqueeze(-1).float()
v = (last_hidden_state * m).sum(1) / m.sum(1)
```

ఒక వాక్యాన్ని ఒంటరిగా పంపినా, పొడవైన వాక్యం పక్కన పెట్టి పంపినా దశాంశాల చివర్లో తప్ప తేడా రాకూడదు. వస్తే ఈ గుంటలో పడ్డట్టే.

సగటు తీస్తే పని అయిపోయినట్టేనా? కాదు. 2019 ఆగస్టులో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నుంచి రైమర్స్, గురెవిచ్ సెంటెన్స్-బెర్ట్ పేపర్ తెచ్చారు. ఇంగ్లిష్ వాక్యాల పోలికల పరీక్షల్లో బెర్ట్ `[CLS]` వెక్టర్‌ను నేరుగా వాడితే సగటున 29 మార్కులే వచ్చాయి. టోకెన్ల సగటుకు 55. అంతకుముందు తరం గ్లోవ్ పదాల వెక్టర్ల సగటుకు 61. అంటే వాక్యాల శిక్షణ లేని బెర్ట్ పాత పద్ధతి కంటే వెనకబడింది. వాక్యాల జంటలతో శిక్షణ ఇచ్చాక 75 దాకా వెళ్లింది. అలా శిక్షణ ఇచ్చేటప్పుడు సగటుతో చేసినా `[CLS]`తో చేసినా తేడా ఒక మార్కు అటూ ఇటూ. తెలుగు కూడా ఉన్న లాబ్సే మోడల్ మొదటి గుర్తు వెక్టర్‌నే వాడుతుంది, బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే దానికి ఆ చోటుతోనే పాఠం చెప్పారు. ఏ చోటు నుంచి వెక్టర్ తీస్తున్నామో ఆ చోటుకు వాక్యాల పాఠం అందిందా లేదా అన్నదే చూడాలి.

మొదటి పక్షం మాటలో పస లేదని కాదు. "ముడుచుకుంటున్నయి", "కొట్టాలె" లాంటి మాటలు వెబ్ తెలుగులో తక్కువే, మోడల్ వాటిని ఎక్కువ ముక్కలు చేస్తుంది. కానీ వాళ్లు చెప్పే పరిష్కారానికి ఈ ప్రశ్నలు పెట్టి చూడండి. "మిర్చి ఆకులు పైకి ముడుచుకుంటున్నయి, ఏం మందు కొట్టాలె?" అనే ప్రశ్నకు "మిరపలో తామర పురుగు నివారణ ఎలా?" అనేది సరైన జోడి, ఎందుకంటే పైముడత తామర పురుగు పని. రెండింట్లో కలిసే పదం ఒక్కటీ లేదు. "ఏనుమాముల మార్కెట్‌ల మిర్చి రేటు ఎంత?" అనే ప్రశ్నలో మాత్రం "మిర్చి" ఉంది. పదాల వెతుకులాట దాన్నే తెస్తుంది.

అలాగని రెండో పక్షం కూడా గెలిచినట్టు కాదు. బృందం దగ్గర ఇంకో ప్రశ్న ఉంది, "మిర్చి ఆకులు కిందికి ముడుచుకుంటున్నయి, ఏం మందు కొట్టాలె?" కింది ముడత నల్లి పని, మందు వేరు. పైముడత ప్రశ్నకూ దీనికీ ఒక్క మాట తేడా. సగటు తీసినప్పుడు మిగతా టోకెన్లన్నీ ఒకటే కాబట్టి ఈ రెండు దాదాపు ఒకే చోట పడతాయి, రైతుకు తామర పురుగు మందు వెళ్తుంది. టోకెన్ల వెక్టర్లను ఒక్కటిగా కలిపే పూలింగ్‌ను ఎంత సరిచేసినా ఇది పోదు. ఇలాంటి జంటలను "దగ్గర, కానీ వేరు" అని విడిగా ఇచ్చి శిక్షణ చేయాలి. లేదా సగటు వెక్టర్‌తో ఓ ఇరవై ప్రశ్నలు ఏరి, ఆ ఇరవైని కొత్త ప్రశ్నతో ఒక్కొక్కటిగా జత చేసి మోడల్‌కు చదివించాలి. అప్పుడు పైకి, కిందికి అన్న రెండు మాటలు ఒకదాన్నొకటి నేరుగా చూసుకుంటాయి. ఆ పద్ధతి నెమ్మది. సెంటెన్స్-బెర్ట్ పేపర్ లెక్క ప్రకారం పదివేల వాక్యాల్లో అన్నిటికంటే దగ్గరి జంటను అలా వెతికితే సుమారు 65 గంటలు పడుతుంది. ఇరవైకి మాత్రం క్షణం చాలు.

ఇప్పుడు బృందం ముందున్న పని పాత వెక్టర్లన్నీ చెరిపేసి సగటు పద్ధతిలో మళ్లీ తీయడం, తోటల సంగతి తెలిసినవాళ్లతో పైముడత, కింది ముడత లాంటి జంటలు రాయించడం. మొదటిది ఒక రాత్రిలో అయిపోతుంది. రెండోదానికి ఎవరు కూర్చుంటారన్న దాని మీదే ఈ వారం మాటామాటా నడుస్తోంది.