ఏరియల్ మొజాయిక్: రంగు కలిసినంత మాత్రాన అతుకు కలవదు (అపోహలు - వాస్తవాలు)

అపోహ: పైనుంచి తీసిన ఫోటోలను అతికించి ఒకే చిత్రం చేసేటప్పుడు కలర్ బ్యాలెన్సింగ్ బాగుంటే చాలు, రెండు ఫోటోలు కలిసే గీత, అంటే సీమ్‌లైన్, ఎటు పోయినా అంచులను ఒకదానిలో ఒకటి కలిపే ఫెదరింగ్ కప్పేస్తుంది.

వాస్తవం: కప్పదు. డెలివరీలు ఎక్కువగా వెనక్కొచ్చేది ఇక్కడే. నేల ఎత్తులు మాత్రమే ఉండే డీటీఎం మీద సరిచేసిన ఫోటోలో, అంటే ఆర్థోలో, నేల మాత్రమే సరైన చోట ఉంటుంది. పైకప్పు ఫోటో కేంద్రం నుంచి బయటి వైపుకు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందంటే, బిల్డింగ్ ఎత్తును కేంద్రం నుంచి ఉన్న దూరంతో గుణించి, ఫ్లయింగ్ హైట్‌తో భాగిస్తే దాదాపుగా తేలుతుంది.

15 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వెడల్పు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుందాం. ఫ్లయింగ్ హైట్ 600 మీటర్లు. పడమటి ఫోటో కేంద్రం 200 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి అందులో పైకప్పు 5 మీటర్లు తూర్పుకు జరుగుతుంది. తూర్పు ఫోటో కేంద్రం 160 మీటర్లలో ఉంది, అందులో 4 మీటర్లు పడమరకు జరుగుతుంది. సీమ్‌లైన్ బిల్డింగ్ నడిమధ్యగా పోయి, దానికి పడమర పడమటి ఫోటో, తూర్పున తూర్పు ఫోటో వస్తే, పైకప్పులో మిగిలేది 3 మీటర్ల పట్టీ. దానికి రెండు పక్కలా రెండు గోడలు కనిపిస్తాయి. రంగు ఎంత కలిసినా ఆ పోయిన 9 మీటర్లు తిరిగి రావు. ఫెదరింగ్ వెడల్పు పెంచితే గోడ మీద పైకప్పు నీడలా తేలుతుంది, అంతే.

ఇలాంటి ప్రింటు పట్టుకుని ఒకాయన మా దగ్గరికి వచ్చారు. "మా బిల్డింగ్ సగమే ఉంది, స్థలం పోయినట్టేనా సార్?" అని అడిగారు. ఎవరో అలా చెప్పి ఆయన్ని భయపెట్టారు. విడి ఆర్థోలు రెండూ తెరిచి, రెండింట్లోనూ పునాది అంచు ఒకే చోట ఉందని చూపించాకే ఆయన టెన్షన్ తగ్గింది. స్థలం పోయిందని పుకార్లు లేపేవాళ్లు ముందు ఆ పునాది చూడాలి.

మరి రోడ్డు మధ్యలో గీస్తే సరిపోతుందా? ప్రతిసారీ కాదు. పై అపార్ట్‌మెంట్‌కు తూర్పున ఆనుకుని 6 మీటర్ల రోడ్డు ఉందనుకోండి. పడమటి ఫోటోలో పైకప్పు ఆ రోడ్డు మీదికి 5 మీటర్లు వాలి ఉంటుంది. రోడ్డు మధ్యలో గీస్తే పైకప్పు చివరి 2 మీటర్లు తెగిపోతాయి. తక్కువ ఒరిగిన ఫోటోకే, అంటే ఇక్కడ తూర్పు ఫోటోకే, బిల్డింగ్ మొత్తం ఇచ్చి, గీతను పడమటి వైపు వాలు దాటించి ఖాళీ స్థలంలో పెట్టడం మేలు. సాఫ్ట్‌వేర్ గీసిన గీత మీద పైకప్పు వెడల్పు కొలిచి, విడి ఆర్థోలో కొలతతో పోల్చండి. తేడా ఉంటే గీత జరపాల్సిందే.

అపోహ: ఒక ఫోటో రంగుల పంపిణీని పక్క ఫోటోకు సరిపెట్టే హిస్టోగ్రామ్ మ్యాచింగ్‌తో రంగు పని ఐపోతుంది.

పక్కపక్క ఫోటోలను జంటలుగా కలుపుకుంటూ పోతే బ్లాక్ చివరికి రంగు జారుతుంది. ముందు ఒక్కో ఫోటోలో ఎండ వల్ల ఒకచోట ఎక్కువ వెలుగ్గా కనిపించే హాట్‌స్పాట్ సరిచేసి, తర్వాత మొత్తం బ్లాక్‌కి ఒకేసారి చేయాలి. చెరువులను లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే వాటి పక్కనున్న పొలాల రంగు మారిపోతుంది.

అపోహ: బిల్డింగ్ ఎత్తులను కూడా లెక్కలోకి తీసుకునే ట్రూ ఆర్థో చేస్తే ఈ గొడవే ఉండదు. ఒరగడం పోతుంది, నిజమే. కానీ బిల్డింగ్ చాటున ఉన్న నేలను మరో ఫోటో నుంచి తేవాలి. ఓవర్‌ల్యాప్ చాలకపోతే అక్కడ నల్ల ఖాళీ మిగులుతుంది.