పిన్ కొట్టింది ఎవరు? మెషీన్ మాట ఒకటి, కార్డు మాట ఒకటి

పోయిన కార్డుతో ఎవరో కొనుగోళ్లు చేస్తారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే బ్యాంకు చెప్పే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. పిన్ సరిపోయాకే చెల్లింపు జరిగిందని, అంటే మీరే కొట్టి ఉండాలని, లేదా పిన్ ఎవరికో తెలియనిచ్చి ఉండాలని. మాగ్నెటిక్ గీత పోయి చిప్ ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు కాబట్టి అది వదిలేద్దాం. ఈ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో తేలింది 2010లో.

కార్డును దుకాణంలోని చెల్లింపు మెషీన్‌లో పెట్టగానే, కార్డు తన దగ్గరున్న ఒక జాబితాను మెషీన్‌కు ఇస్తుంది. కార్డు తెచ్చింది అసలు మనిషేనని ఏయే పద్ధతిలో, ఏ వరుసలో తేల్చుకోవాలో అందులో ఉంటుంది. మొదట రెండు మొత్తాల పరిమితులు, వాటి తర్వాత ఒక్కొక్కటి రెండు బైట్ల నియమాలు. పరిమితులు వదిలేస్తే ఒక చిన్న జాబితా ఇలా ఉంటుంది:

```
41 03   5E 03   1F 03
```

41 అంటే పిన్‌ను కార్డే సరిచూస్తుంది, 5E అంటే సంతకం, 1F అంటే ఏదీ అక్కర్లేదు. పక్కనున్న 03కు అర్థం, ఆ పద్ధతి మెషీన్‌కు చేతనైతేనే అని. మెషీన్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, తనకు వీలైన మొదటి నియమం దగ్గర ఆగుతుంది. పిన్ మీటలు లేని మెషీన్ అయితే సంతకానికి దిగుతుంది. ఎంపిక మొత్తం మెషీన్‌దే. ఏది ఎంచుకుందో సాధారణంగా కార్డుకు విడిగా చెప్పదు. `VERIFY` అనే ఆదేశం వస్తే పిన్ అడిగారని కార్డు అనుకుంటుంది, రాకపోతే సంతకం తీసుకున్నారనుకుని ముందుకు పోతుంది.

కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్టీవెన్ మర్డాక్, సార్ డ్రైమర్, రాస్ ఆండర్సన్, మైక్ బాండ్ 2010లో పట్టుకున్న లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. కార్డుకూ మెషీన్‌కూ మధ్య ఒక చిన్న సర్క్యూట్ పెట్టారు. మెషీన్ `VERIFY` పంపినప్పుడు దాన్ని కార్డు దాకా పోనివ్వకుండా ఆ సర్క్యూటే `9000`, అంటే 'సరే' అని బదులిస్తుంది. ఇక ఏ నాలుగు అంకెలు కొట్టినా ఒకటే. మెషీన్ తన లెక్కలో, అంటే `9F34`లో, `410302` అని రాసుకుంటుంది, చివరి 02 అంటే పిన్ సరిపోయినట్టు. రసీదు మీద కూడా పిన్ సరిపోయినట్టే పడుతుంది. కార్డేమో తనను ఎవరూ పిన్ అడగలేదని నమ్ముతుంది.

రెండు మాటలూ బ్యాంకు దగ్గర ఎదురుపడి దొరికిపోవాలి కదా? మెషీన్ పంపే తనిఖీ ఫలితాల్లో పిన్ విఫలమైతే ఆ సంగతి కనిపిస్తుంది. కానీ గెలిచింది పిన్‌తోనా, సంతకంతోనా అన్నది అందులో ఉండదు. పిన్ తనదాకా రాలేదన్న సంగతిని కార్డు బ్యాంకుకు రాసే వివరంలో, అంటే `9F10`లో, నమోదు చేస్తుంది. దాన్నీ మెషీన్ రాసుకున్న `9F34`నూ పక్కపక్కన పెట్టి చూస్తే మోసం తెలిసిపోతుంది. అయినా అప్పట్లో పరిశోధకుల లావాదేవీలను ఏ బ్యాంకూ ఆపలేదు.

ఇదంతా ల్యాబ్‌లో చేసే క్లిష్టమైన పని, బయట జరగదు అన్నది కార్డు పరిశ్రమ వాదన. 2010 చివర్లో బ్రిటన్ కార్డు సంస్థల సంఘం, ఇదే విషయం మీద ఒక విద్యార్థి రాసిన థీసిస్‌ను తీసేయమని కేంబ్రిడ్జ్‌ను అడిగింది కూడా. ఆండర్సన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే, ఫ్రాన్స్‌లో దొంగిలించిన కార్డులు బెల్జియంలో తిరుగుతున్నాయని తేలింది. దొంగలు అసలు చిప్ మీదే రెండో చిప్ అతికించారు. 0.4 మిల్లీమీటర్లు ఉండాల్సిన మందం 0.7 అయింది, అయినా మెషీన్‌లో దూరింది. దాదాపు 40 కార్డులతో సుమారు 7,000 లావాదేవీలు, 6 లక్షల యూరోలకు కాస్త తక్కువ. ఈ సంగతి తెలియకముందు పిన్ పేరు చెప్పి వెనక్కి పంపిన ఫిర్యాదుల్లో ఎన్ని నిజమో ఎవరు చెప్పగలరు? నన్ను బాధపెట్టేది అదే.

పిన్‌ను మెషీన్ గుప్తీకరించి బ్యాంకుకే పంపే పద్ధతిలో ఈ ఎత్తు పారదు, ఎందుకంటే అక్కడ అవునో కాదో చెప్పేది బ్యాంకే. అయితే కార్డును తాకించి చెల్లించే చోట ఇలాంటి కన్నమే ఇంకోటి బయటపడింది. కార్డుదారును ఫోన్‌లోనే తనిఖీ చేశారని, పిన్ అక్కర్లేదని వీసా కార్డు చెబుతున్నట్టుగా మధ్యలో సందేశం మార్చవచ్చని 2020లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆ సందేశానికి రక్షణ ముద్ర లేకపోవడమే కారణం.

అందుకే ఇలాంటి వివాదంలో రసీదు మీది మాట చాలదు. ముందు పిన్‌ను సరిచూసింది కార్డా, బ్యాంకా అని అడగాలి. కార్డే అయితే ఆ లావాదేవీ `9F10`లో కార్డు ఏం రాసిందో చూపించమనాలి. అది కార్డు ఇచ్చిన బ్యాంకుకు అందే డేటాలోనే ఉంటుంది. దాన్ని చదివే తీరును నిర్ణయించేది కార్డు ఇచ్చిన పక్షమే కాబట్టి, అర్థం విప్పి చెప్పాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.