కదిలిన ఫొటోలో కుదురైన ముఖం: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో తెలుగువాళ్ల పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే మా దగ్గరికి తరచూ వచ్చే కోరిక ఇది: "ఈ ఫొటోలో అమ్మమ్మ కళ్లు మూసుకుంది. ముందు ఫొటోలోని ముఖం తెచ్చి ఇక్కడ పెట్టండి." అదే మనిషి, అదే వెలుగు, కొద్ది క్షణాల తేడా. అతికించడం కష్టం కాదు. అయితే అక్షింతలు వేసే ఆ ఫొటోను 1/30 సెకను షట్టర్‌తో తీశారు, అమ్మమ్మ తల కదిలింది. తెచ్చిన ముఖం ఎక్కువ స్పష్టంగా ఉండటమే చిక్కు.

అపోహ: ఫొటోషాప్‌లో కంటికి సరిపోయేంత `Gaussian Blur` వేస్తే చాలు.

వాస్తవం: అది అన్ని వైపులా సమానంగా మసకబారుస్తుంది. కదలిక వల్ల వచ్చిన మసకకు ఒక దిశ ఉంటుంది, ఒక పొడవు ఉంటుంది. ఆ రెండింటినీ ఫొటోలోనే కొలవవచ్చు. చిన్న మెరుపు ఎక్కడుందో వెతకండి. అమ్మమ్మ ముక్కుపుడకలో దొరికింది. కళ్లు మూసుకున్న ఫొటోలో ఆ మెరుపు చుక్కలా కాక చిన్న గీతలా ఉంది: పొడవు 19 పిక్సెళ్లు, వెడల్పు 5. మెరుపు అసలు పరిమాణమే 5 కాబట్టి, కదలిక 14 పిక్సెళ్లు. చాలామంది 19 అనే వేసేసి, ముఖం మరీ చెదిరిందని తికమకపడతారు. ఫొటోషాప్‌లోని రూలర్‌తో ఆ గీత పొడవునా లాగితే కోణం కూడా తెలుస్తుంది. ఇక్కడ 20 డిగ్రీలు వచ్చింది. `Motion Blur` లో `Angle` 20, `Distance` 14.

ముందుగా ముఖాన్ని తుది పరిమాణానికి తెచ్చుకోండి. 14 వేశాక 90 శాతానికి కుదిస్తే, మసక కూడా కుదించుకుపోయి 12.6 అవుతుంది. పొరను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకుంటే అంకెలను తర్వాత సవరించుకోవచ్చు.

అపోహ: ముఖమంతటికీ ఒకే అంకె సరిపోతుంది.

వాస్తవం: కెమెరా కదిలితే దాదాపు సరిపోతుంది, ఎందుకంటే ఫొటో అంతా ఒకేలా సాగుతుంది. తల తిప్పితే సరిపోదు. అమ్మమ్మ కాసులపేరు మీది మెరుపులను కూడా కొలిచాం. అక్కడ కదలిక 6 పిక్సెళ్లే. మెడ కొద్దిగానే కదిలి, తల ఎక్కువగా తిరిగింది కాబట్టి ముక్కు ఎక్కువ సాగింది, గడ్డం కింద తక్కువ. ఇలాంటప్పుడు కొందరు `Motion Blur` మాస్క్‌ను గడ్డం దగ్గర బూడిదరంగులో పూస్తారు. దానితో మసక తగ్గదు. స్పష్టమైన ముఖమూ చెదిరిన ముఖమూ కలగలిసి, రెండు గీతలు కనిపిస్తాయి. `Path Blur` తీసుకుని, ముక్కు దగ్గర ఒక దారి, గడ్డం దగ్గర తక్కువ వేగంతో మరో దారి గీస్తే మధ్యలో మార్పు సాఫీగా వస్తుంది.

ఇక్కడే ఒక మినహాయింపు. ఫ్లాష్ వెలిగిన ఫొటోలలో ముఖం పదునుగా ఉండి, దానిపై సన్నటి నీడలాంటి సాగు మాత్రమే ఉంటుంది. అప్పుడు మాత్రం రెండు పొరలను కలపడమే సరైన పద్ధతి.

అపోహ: ముఖాన్ని కత్తిరించి, తర్వాత మసకబారిస్తే అంచులు కలిసిపోతాయి.

వాస్తవం: కత్తిరించిన అంచు చుట్టూ ఉన్న ఖాళీ కూడా మసకలో కలిసి, దవడ వెంట పలుచని అంచు ఏర్పడుతుంది. జుట్టు, మెడతో సహా పొరంతా మసకబార్చి, ఆపైన మాస్క్ వేయాలి.

అపోహ: ఫోకస్ తప్పిన ఫొటో అయితే దాని మసక ఎంతుందో అంతా వేయాలి.

వాస్తవం: తెచ్చిన ముఖానికీ కొంత మసక ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. గౌసియన్‌తో పనిచేసేటప్పుడు లెక్క వర్గాలలో ఉంటుంది. కావలసిన మసక 5, ముఖంలో ఇప్పటికే ఉన్నది 3 అయితే, వేయాల్సింది 2 కాదు, 4. 25లో 9 తీసేస్తే 16, దాని వర్గమూలం 4. అయినా లెన్స్ మసక గౌసియన్‌లా ఉండదు. వెనుక దీపాలు గుండ్రని బిళ్లల్లా కనిపిస్తుంటే `Lens Blur` వాడండి.

అపోహ: మసక కుదిరితే పని అయిపోయింది.

వాస్తవం: చర్మం మైనంలా కనిపిస్తుంటే మసక కుదరలేదని కాదు, సన్నటి చుక్కల్లాంటి గ్రెయిన్ పోయిందని అర్థం. మనిషి కదిలినా, ఫోకస్ తప్పినా, గ్రెయిన్ సెన్సార్‌లో పుడుతుంది కాబట్టి పదునుగానే మిగులుతుంది. మనం వేసిన బ్లర్ దాన్ని కూడా తుడిచేస్తుంది. అందుకే చివర్లో `Add Noise` వేయాలి, అదీ అమ్మమ్మ భుజం మీద చీర నీడలోని గ్రెయిన్‌ను పక్కన పెట్టుకుని, 200 శాతంలో చూస్తూ.

కదలిక కంటి ఎత్తును మించిపోతే మాత్రం ఆ ఫొటోలో రెప్పలు తెరుచుకున్నాయో మూసుకున్నాయో ఎవరికీ కనిపించదు. అలాంటి ముఖాన్ని మేం మార్చం, డబ్బు కూడా తీసుకోం.