రూమ్ తేడా కట్టుకుంటే సరిపోతుందా? ఇన్సూరెన్స్ వీడియోల్లో అపోహలు – వాస్తవాలు

హన్మకొండలో కూర్చుని ఇన్సూరెన్స్ మీద తెలుగు ఎక్స్‌ప్లెయినర్ వీడియోలకు స్క్రిప్టులు రాయడం నా పని. కంపెనీ వాళ్లు పాలసీ కాగితాలు పంపుతారు. నలభై పేజీల్లో ఉన్నదాన్ని రెండు మూడు నిమిషాల సీన్లుగా మార్చి, మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. ఈ పనిలో రోజూ ఎదురయ్యే అపోహలు చాలానే ఉన్నాయి గానీ, జనం జేబుకు పెద్ద చిల్లు పెట్టేది మాత్రం ఒక్కటే. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: రూమ్ రెంట్ లిమిట్ దాటితే, ఆ తేడా మనం కట్టుకుంటే అయిపోతుంది.

ఇది చూసేవాళ్ల అపోహే అనుకోకండి. వీడియోలు తీసేవాళ్లలో చాలామందికి కూడా ఇదే ఉంది. స్క్రీన్ మీద ఆసుపత్రి మంచం బొమ్మ వస్తుంది. 'మీ లిమిట్ రోజుకు 5,000. మీరు 8,000 రూమ్ తీసుకున్నారు. మిగతా 3,000 మీరు కట్టాలి' అని వాయిస్ ఓవర్ చెబుతుంది. పదిహేను సెకన్లలో అందరికీ అర్థమైపోతుంది. అర్థమైందే తప్పు. ఆ వీడియో చూసినవాళ్లు 'మూడు వేలే కదా, అమ్మ ప్రశాంతంగా పడుకుంటుంది' అనుకుని పెద్ద రూమ్ తీసుకుంటారు. డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర అసలు లెక్క తెలుస్తుంది.

వాస్తవం: లిమిట్ దాటితే చాలా పాలసీల్లో రూమ్ ఒక్కటే కాదు, రూమ్‌ను బట్టి ధర మారే ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. దీన్నే ప్రొపోర్షనేట్ డిడక్షన్ అంటారు.

దీన్ని నేను సీన్‌గా ఎలా రాస్తానో చూపిస్తాను. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, కొడుకు. తండ్రికి పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ కావాలి. 5 లక్షల పాలసీ ఉంది. రూమ్ రెంట్ లిమిట్ సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం, అంటే రోజుకు 5,000. కౌంటర్‌లో అమ్మాయి 'ఏ రూమ్ ఇయ్యమంటరు?' అని అడుగుతుంది. 'ఐదు లక్షల పాలసీ ఉంది గదమ్మా, మంచి రూమే ఇయ్యి' అంటాడు కొడుకు. రోజుకు 8,000 రూమ్, నాలుగు రోజులు.

ఇప్పుడు స్క్రీన్ మీద బిల్లు. నాలుగే వరుసలు, అంతకంటే ఎక్కువ పెట్టను. రూమ్ 32,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ కలిపి 80,000. మందులు 24,000. టెస్టులు 14,000. మొత్తం లక్షా 50 వేలు.

ఇక్కడ '62.5 శాతం' అని వాయిస్‌లో చెబితే సగం మంది అక్కడే ఆగిపోతారు. అందుకే కౌంటర్ అమ్మాయి చేత ఇలా అనిపిస్తాను: 'మీకు 5,000 రూమ్‌కు హక్కుంది, మీరు 8,000 రూమ్‌లో ఉన్నరు. అందుకే డాక్టర్ ఫీజులో కూడా ప్రతి 8 రూపాయలకు 5 రూపాయలే పాలసీ ఇస్తది.' అలా అంటుండగానే స్క్రీన్ మీద రెండో వరుస తగ్గుతుంది. 80,000 కాస్తా 50,000 అవుతుంది. రూమ్ వరుస 32,000 నుంచి 20,000కు వస్తుంది. మూడు, నాలుగు వరుసలు కదలవు. ఆ రెండూ కదలకుండా ఉన్నాయని చూడటానికి కనీసం నాలుగు సెకన్లు అలాగే ఆపమని యానిమేటర్‌కు రాసి మరీ ఇస్తాను. ఎడిటింగ్‌లో మొదట కోసేది ఆ నాలుగు సెకన్లనే.

కంపెనీ ఇచ్చేది 1,08,000. కొడుకు కట్టేది 42,000. రూమ్ తేడా ఒక్కటే అనుకుంటే అతని లెక్కలో ఉన్నది 12,000. చేతిలో లేని ఆ 30 వేల కోసమే డిశ్చార్జి రోజు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

దీనికి ఉల్టా పుకారు ఒకటుంది. 'లిమిట్ దాటితే మొత్తం బిల్లులో కోత', ఇంకా ముదిరితే 'లిమిట్ దాటితే క్లెయిమే రద్దు' అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మా చిన్నమ్మ ఆ మెసేజ్ చదివి, బాబాయిని చేర్పించే ముందు రాత్రి నాకు ఫోన్ చేసింది. 'రూమ్ దొరకకపోతే ఎట్ల బిడ్డా, పాలసీ మొత్తం పోతదా?' అని ఒకటే ఏడుపు. ఆమెది భయం, దాన్ని అర్థం చేసుకోగలను. ఆ మెసేజ్ తయారుచేసినవాడికి మాత్రం పాలసీ కాగితం ఒక్కసారి తెరిచే ఓపిక కూడా లేదు. క్లెయిమ్ రద్దు కాదు. మొత్తం బిల్లులోనూ కోత పడదు. మందులు, సిరంజీల్లాంటి వాడి పారేసే కన్స్యూమబుల్స్, ఒంట్లో అమర్చే ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, టెస్టులకు ఈ నిష్పత్తి వర్తించకూడదని 2020లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్పష్టం చేసింది. ఐసీయూ చార్జీలకూ వర్తించదు. రూమ్‌ను బట్టి ధరలు మార్చని ఆసుపత్రుల్లో అసలు ఈ కోతే ఉండకూడదు. పై బిల్లులో మొత్తానికి కోత పెడితే జేబులోంచి 56,250 పోతుంది. అంటే ఒకే బిల్లుకు 12,000, 42,000, 56,250 అని మూడు జవాబులు జనంలో తిరుగుతున్నాయి. ఇన్సూరెన్స్ అనగానే గొడుగు బొమ్మ వేసే వీడియోలు ఈ మూడింట్లో ఏది సరైనదో చెప్పలేవు. గొడుగు కింద తడవకుండా ఉంటారు అంతే, ఎంత తడుస్తారో అది చూపించదు.

అపోహ: సీన్ తేలిగ్గా ఉండాలంటే షరతులు వదిలేయక తప్పదు.

షరతును వదలక్కర్లేదు, పాత్ర నోట పెట్టాలి. పై సీన్‌లో కొడుకు 'మరి టెస్టుల్ల కూడ కోస్తరా?' అని అడిగితే మినహాయింపు దానంతటదే వచ్చేస్తుంది. నోట పెట్టలేనివి స్క్రీన్ కింద ఒక లైన్‌లో పెడతాను: 'కో-పే లేదని, బిల్లులోని మందులన్నీ చెల్లించదగినవేనని అనుకుని వేసిన లెక్క.' కో-పే అంటే బిల్లులో కొంత భాగం మనమే కట్టాలన్న షరతు. ఆ లైన్ లేకపోతే లెక్క అబద్ధమే అవుతుంది. చేతి తొడుగుల్లాంటి కొన్ని వస్తువులకు చాలా పాలసీలు ఎలాగూ డబ్బులివ్వవు.

సరిచూసుకునే పద్ధతి చెప్తాను. స్క్రిప్టు రెండు గడుల్లో రాస్తాను. ఎడమవైపు సీన్, మాటలు. కుడివైపు ఆ మాటకు ఆధారమైన క్లాజ్ నంబరు, పేజీ, క్లాజ్‌లోని అసలు వాక్యం. కుడి గడి ఖాళీగా ఉన్న మాట రికార్డింగ్‌కు వెళ్లదు. ఆధారం షరతులన్నీ పూర్తిగా ఉండే పాలసీ వర్డింగ్ నుంచే తీసుకుంటాను, బ్రోషర్ నుంచి కాదు. బ్రోషర్‌లో 'రూమ్ రెంట్ రోజుకు 1 శాతం' అని ఒక్క ముక్కే ఉంటుంది. వర్డింగ్ తెరిస్తే కొన్ని పాలసీల్లో ఆ 1 శాతంలోనే నర్సింగ్ చార్జీలు కూడా కలిసి ఉంటాయి. అప్పుడు బోర్డు మీద 4,800 అని రాసిన రూమ్ కూడా, నర్సింగ్ 700 కలిస్తే లిమిట్ దాటేస్తుంది. ఈ సంగతి సీన్‌లో లేకపోతే, వీడియో చూసి జాగ్రత్తపడ్డ మనిషి కూడా దెబ్బతింటాడు.

తర్వాత అంకెలు మార్చి చూస్తాను. రూమ్ 5,000 అనుకుంటే కోత సున్నా రావాలి. 10,000 అనుకుంటే డాక్టర్ ఫీజు సగం కావాలి. కొడుకు 3 రోజుల తర్వాత చిన్న రూమ్‌కు మారితే ఏమవుతుంది? దానికి జవాబు క్లాజ్‌లో దొరక్కపోతే కంపెనీ క్లెయిమ్స్ విభాగాన్ని అడుగుతాను. మార్కెటింగ్ వాళ్లను అడగను. వాళ్లు 'అంత డీటెయిల్ ఎందుకు సార్' అంటారు. ఆ డీటెయిల్ కోసమే కదా నన్ను పిలిచింది!

చివరిది, నాకు అన్నిటికంటే పనికొచ్చేది. బొమ్మలు పూర్తికాకముందే, కచ్చా వీడియోను ఇన్సూరెన్స్ గురించి పెద్దగా తెలియని ఇద్దరికో ముగ్గురికో చూపిస్తాను. 'అర్థమైందా?' అని అడగను. అడిగితే అందరూ తలూపుతారు. 'మీరే ఆ కౌంటర్ దగ్గర ఉంటే ఏం అడుగుతారు?' అని అడుగుతాను. మా వీధి చివర కిరాణా కొట్టాయన చూసి, 'తేడా పైసలు ఎంతో అడుగుత' అన్నాడు. లెక్కంతా సరిగ్గా ఉన్నా, మొదటి సీన్‌లో కౌంటర్ మీద కనిపించిన '3,000 ఎక్కువ' అన్న బోర్డే అతని మనసులో నిలిచిపోయింది. ఆ బోర్డు తీసేసి, అదే చోట కొడుకు నోట ఒక ప్రశ్న పెట్టాం: 'నా పాలసీకి ఏ రూమ్ వరకు కోత పడదు?' మళ్లీ చూపిస్తే ఆయన అదే ప్రశ్న అప్పజెప్పాడు.

మిగతా అపోహలు గబగబా.

'ఒకసారి తీసిన వీడియో ఎప్పటికీ పనికొస్తుంది.' పనికిరాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా నాలుగేళ్లు ఉండేది, 2024లో మూడేళ్లయింది. మారటోరియం, అంటే మోసం రుజువైతే తప్ప కంపెనీ క్లెయిమ్‌ను ప్రశ్నించలేని దశకు చేరడానికి పాలసీ నడవాల్సిన కాలం, ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గింది. పాత అంకెలు చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అందుకే చివరి ఫ్రేమ్‌లో నెల, సంవత్సరం, ఆ పాలసీ గుర్తింపు నంబరు యూఐఎన్ వేయమని పట్టుబడతాను.

'ఒక కంపెనీ రూల్ అందరికీ వర్తిస్తుంది.' రూమ్ లిమిట్ అసలే లేని పాలసీలున్నాయి. అంకె కాకుండా 'సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్' అని రకం చెప్పేవీ ఉన్నాయి. వాటికి పై లెక్క వేయకూడదు, ఆ ఆసుపత్రిలో ఆ రకం రూమ్ ధరతో పోల్చాలి.

'తెలంగాణ యాస పెడితే సీరియస్‌గా ఉండదు.' ఎంజీఎం చౌరస్తాలో ఎట్ల మాట్లాడుతరో అట్లనే రాస్తా. అంకెలు, షరతులు మాత్రం పాత్రలు మెల్లగా, విడివిడిగా పలకాలి.

ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా చేర్పించే టెన్షన్‌లో ఉండి ఇది చదువుతున్నారా? అయితే వీడియోల సంగతి తర్వాత. పాలసీతో ఇచ్చిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ తీసి, సబ్-లిమిట్స్ అన్న వరుసలో రూమ్ గురించి ఏముందో చూడండి. అంకె ఉంటే అందులో నర్సింగ్ కలిసిందో లేదో వర్డింగ్‌లో చూసుకోండి. తర్వాత ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే టీపీఏ డెస్క్‌లో రెండే అడగండి: ఆ లిమిట్‌లో పట్టే రూమ్ ఖాళీ ఉందా, మీ దగ్గర డాక్టర్ ఫీజులు రూమ్‌ను బట్టి మారుతాయా. మారవంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ఫైనల్ బిల్లులో కోత పడితే కంపెనీకి చూపించడానికి అది పనికొస్తుంది.