తయారు చేస్తూ, కూల్చేస్తూ: బీటా కాటెనిన్ వెనుక ఉన్న చరిత్ర

పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతం వాటిలో ఏపీసీ అనే ఒకే జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఆ దెబ్బ తరువాత కణంలో ఏం జరుగుతుందో గత మూడు దశాబ్దాలుగా తెలిసినా, దాన్ని సరిచేసే మందు మాత్రం నేటికీ రోగుల చేతికి రాలేదు. ఎందుకు రాలేదో అర్థం కావాలంటే, ఏపీసీ, బీటా కాటెనిన్ రెండూ పాలుపంచుకునే, కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే వింట్ సంకేత మార్గం ఎలా బయటపడిందో మొదటినుంచి చూడాలి. ఈ మార్గాన్ని ఎవరూ ఒకచోట కనుగొనలేదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ప్రయోగశాలల్లో, వేరువేరు జీవుల్లో దొరికిన ముక్కలు చాలా ఆలస్యంగా ఒకదానికొకటి అతికాయి.

మొదటి ముక్క మన దేశంలోనే దొరికింది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్.పి. శర్మ 1973లో రెక్కలు లేని పండ్ల ఈగను ఒకదాన్ని నమోదు చేసి, ఆ మార్పుకు వింగ్‌లెస్ అని పేరు పెట్టారు. 1980లో క్రిస్టియానె న్యుస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగ లార్వా శరీర ఖండాలు సరిగా ఏర్పడని ఉత్పరివర్తనాలను వరుసగా వెతుకుతున్నప్పుడు ఇదే జన్యువు మళ్లీ ఎదురైంది. ఇటు ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ కలిగించే వైరస్‌పై పనిచేస్తున్న రోయల్ నుసె, హెరాల్డ్ వార్మస్ 1982లో ఇంట్-1 అనే జన్యువును పట్టుకున్నారు. ఈగ వింగ్‌లెస్, ఎలుక ఇంట్-1 నిజానికి ఒకే జన్యువుకు రెండు రూపాలని 1987లో తేలింది. ఆ రెండు పేర్లను కలిపితే వచ్చిందే వింట్.

వింట్ అనేది కణం బయటికి విడుదల చేసే ప్రొటీన్. అది పక్క కణాన్ని తాకితే లోపల ఏం జరుగుతుందన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం చాలావరకు ఈగ లార్వా చర్మం చెప్పింది. మామూలు లార్వా కడుపువైపు సన్నని ముళ్ల పట్టీ ఒకటి, నున్నని పట్టీ ఒకటి చొప్పున మార్చి మార్చి వస్తాయి. వింగ్‌లెస్ లేని లార్వాలో నున్నని పట్టీలు మాయమై అంతా ముళ్లే మిగులుతాయి. ఆర్మడిల్లో అనే మరో జన్యువు లేకపోయినా అంతే. షాగీ అనే మూడో జన్యువు లేని పిండంలో మాత్రం దీనికి సరిగ్గా విరుద్ధంగా ఒంటినిండా నున్నగా ఉంటుంది. ఇక రెండేసి జన్యువులను కలిపి తీసేసి చూశారు. వింగ్‌లెస్, షాగీ రెండూ లేని పిండం నున్నగా వచ్చింది, అంటే షాగీ లేనప్పుడు వింగ్‌లెస్ ఉన్నా లేకున్నా ఒకటే. షాగీ, ఆర్మడిల్లో రెండూ లేనిది ముళ్లతో వచ్చింది, అంటే ఆర్మడిల్లో లేకపోతే షాగీని తీసేసినా లాభం లేదు. దీన్నిబట్టి వరుస కుదిరింది: వింగ్‌లెస్ షాగీని ఆపుతుంది, షాగీ ఆర్మడిల్లోను ఆపుతుంది. ఒక్క పరీక్షనాళిక కూడా లేకుండా, కేవలం ముళ్లను చూసి రాబట్టిన ఈ తర్కం నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అందమైన భాగం.

షాగీ అంటే జీఎస్‌కే-3 అనే ఎంజైమ్ అని, అది ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అంటిస్తుందని తేలింది. ఆర్మడిల్లో అంటే వెన్నెముక గల జీవుల్లో బీటా కాటెనిన్. అప్పటిదాకా దాన్ని కణాలను ఒకదానికొకటి అంటిపెట్టుకునేలా చేసే ప్రొటీన్‌గానే ఎరుగుదురు. 1991లో ఏపీసీ జన్యువును వారసత్వంగా వచ్చే పేగు కణితుల కుటుంబాల్లో గుర్తించారు. 1993లో ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్ బీటా కాటెనిన్‌ను పట్టుకుంటుందని తెలిసింది. వంకర తోక గల ఒక పాత ఎలుక జాతిని అధ్యయనం చేస్తూ 1997లో బయటపెట్టిన ఆక్సిన్ అనే ప్రొటీన్ ఈ ముక్కలన్నిటినీ కలిపింది.

వీటన్నిటి కూటమికే విధ్వంసక సముదాయం అని పేరు. కణం బీటా కాటెనిన్‌ను ఆపకుండా తయారు చేస్తూనే ఉంటుంది. వింట్ లేనప్పుడు ఈ కూటమి దాన్ని అంతే వేగంగా కూల్చేస్తుంది. ఆక్సిన్ ఒక చట్రంలా అందరినీ దగ్గరగా కూర్చోబెడుతుంది. ఏపీసీ బీటా కాటెనిన్‌ను పట్టి ఇస్తుంది. మొదట సీకే-1 అనే ఎంజైమ్ బీటా కాటెనిన్‌లో 45వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు ఉంటేనే జీఎస్‌కే-3 అందుకుని 41, 37, 33 స్థానాలకు వరుసగా తగిలించుకుంటూ వస్తుంది. చివరి రెండు గుర్తులను బీటా-టీఆర్‌సీపీ అనే ప్రొటీన్ చూసి యుబిక్విటిన్ ముద్ర వేయిస్తుంది. ముద్ర పడ్డదాన్ని ప్రోటియాసోమ్ అనే కణంలోని యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ గొలుసులో మొదటి కొక్కెం ఊడితే ఏమవుతుందో చూడాలంటే, ప్రయోగశాలల్లో విరివిగా వాడే హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలు చాలు. వాటిలో ఏపీసీ బాగానే ఉంది. కానీ బీటా కాటెనిన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో 45వ సెరీన్ లేదు. మొదటి గుర్తు పడదు కనుక మిగతావీ పడవు, ఆ ప్రొటీన్ కూలదు. కేంద్రకంలోకి వెళ్లి టీసీఎఫ్ ప్రొటీన్లతో చేరి, కణ విభజన జన్యువులను నడిపిస్తూనే ఉంటుంది.

వింట్ చేసేది కూడా ఒక రకంగా ఇదే, కాకపోతే తాత్కాలికంగా. అది ఫ్రిజిల్డ్, ఎల్‌ఆర్‌పీ-6 అనే గ్రాహకాలను జతచేస్తే, ఆక్సిన్ కణపొర వైపు వెళ్లిపోతుంది. అప్పుడు కూటమి విడిపోతుందా, లేక కలిసే ఉండి పని మాత్రం ఆపేస్తుందా అన్నదానిపై వాదం నడుస్తోంది. 2012లో హాన్స్ క్లెవర్స్ బృందం చూపినదాని ప్రకారం కూటమి చెదరదు, ఫాస్ఫేట్ గుర్తులూ పడుతూనే ఉంటాయి, కానీ యుబిక్విటిన్ ముద్ర ఆగిపోతుంది. దాంతో కూటమి పాత సరుకుతోనే నిండిపోతుంది, కొత్తగా తయారైన బీటా కాటెనిన్ తప్పించుకుంటుంది.

పేగులో వింట్‌తో పాటు పనిచేసే మరో సంకేత మార్గం నాచ్; దాని కథలో ఇంత యంత్రాంగం లేదు. 1910లలో థామస్ మోర్గన్ ప్రయోగశాల ఈగల రెక్కల అంచున కనిపించిన గాటే ఆ పేరుకు మూలం. పక్క కణం మీది ప్రొటీన్ తగలగానే నాచ్ గ్రాహకం తెగుతుంది; చివరి కోత గామా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ వేస్తుంది; తెగిన లోపలి ముక్క నేరుగా కేంద్రకానికి వెళ్లి జన్యువులను నడిపిస్తుంది. ఒక గ్రాహకం ఒక్కసారే పనికొస్తుంది, దూతలు లేరు.

ఈ రెండు మార్గాలూ కలిసేది పేగు గోడ గుంతల్లో. అక్కడి మూలకణాలు విభజన చెందుతూ ఉండటానికి వింట్ కావాలి. టీసీఎఫ్-4 లేని ఎలుక పిల్లల్లో ఆ విభజన కణాలే ఉండవని 1998లో చూశారు. అవి వెంటనే జిగురు స్రవించే గోబ్లెట్ కణాలుగా మారిపోకుండా ఆపడానికి నాచ్ కావాలి. 2005లో గామా సెక్రెటేజ్‌ను ఆపగానే ఎలుకల పేగు గుంతల్లోని కణాలు గోబ్లెట్ కణాలుగా మారిపోయాయి. గామా సెక్రెటేజ్‌ను ఆపే మందులు తీసుకున్నవారికి విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఇదే.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వింట్ విడుదలను ఆపే మందులు, ఏపీసీ తెగిపోయిన కణితికి పెద్దగా పనికిరావు, ఎందుకంటే లోపం వింట్‌కు దిగువన ఉంది. బయట వింట్ ఉన్నా లేకున్నా ఆ కణంలో కూల్చే పని ఆగిపోయే ఉంది. అందుకే దిగువనే పట్టాలని, ఆక్సిన్‌ను తరిగిపోయేలా చేసే టాంకిరేస్ అనే ఎంజైమ్‌ను ఆపి, ఆక్సిన్‌ను నిలబెట్టే నిరోధకాలను 2009లో ప్రతిపాదించారు. ఎలుకల్లో అవి కొన్ని కణితుల ఎదుగుదలను తగ్గించాయి. కానీ మోతాదు పెంచితే ఆరోగ్యంగా ఉన్న పేగు గుంతలు కూడా దెబ్బతిన్నాయి, ఎందుకంటే ఆ గుంతలు బతుకుతున్నదీ బీటా కాటెనిన్ మీదే.